మంచం దిగలేని మనిషికి యాత్రల పుస్తకమా, జీవితకథా?

కోడలు, అంబాజీపేట
మా అత్తగారికి తుంటి ఎముక విరిగి ఏడాదైంది, గుమ్మం దాటలేదు. చూపూ తగ్గింది, నేనే చదివి వినిపిస్తాను. దూరపు ఊళ్లు, అక్కడి మనుషుల బతుకులు వినాలని ఆవిడ కోరిక. యాత్రల పుస్తకాలు చదివితే "నేను వెళ్లలేనే" అని బెంగ పెట్టుకుంటారని, జీవితకథలే చదవమని మా ఆడపడుచు అంటోంది. మీరేమంటారు?

దోహా నుంచి, రాజోలు వాడిని
అక్కా, చదవడమెందుకు, కాశీకే తీసుకెళ్లిపోండి. మా అమ్మని వీల్‌చెయిర్‌లో విమానం ఎక్కించాం. రాజమండ్రిలో ఎక్కించుకుంటారు, హైదరాబాదులో మారాలి.

కోడలు, అంబాజీపేట
తమ్ముడూ, కారు సీట్లో పావుగంట కూర్చుంటే నొప్పితో అల్లాడిపోతారు. నేనడిగింది పుస్తకాల గురించి.

పాత లైబ్రేరియన్, రాజమండ్రి
అమ్మా, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రతో మొదలుపెట్టండి. అది యాత్రా, జీవితమూ రెండూను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే పని చేసినాయన. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో రోజూ చూసింది రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపేవాడు. అవే 1838లో పుస్తకమయ్యాయి.

మీ అత్తగారికి ఇదే ఎందుకంటే, ఆయన నడిచి వెళ్లలేదు, పల్లకీలో వెళ్లాడు. బోయీలు మోస్తేనే కదలాలి, వాన పడితే ఆగాలి. పుస్తకమంతా మజిలీలే. ఈ ఊళ్లో దిగాం, నీళ్లు ఇలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయి లేవు, పై ఊరు ఇంత దూరం. మంచంలో ఉన్నవాళ్ల రోజు కూడా అలాగే గడుస్తుంది, అందుకే వాళ్లకి పట్టుబడుతుంది. గుళ్ల పేర్లూ టికెట్ల ధరలూ అప్పజెప్పే ఈనాటి పుస్తకాలు వినడానికి పనికిరావు.

రోజుకి ఒక్క మజిలీయే చదవండి. గోడకి భారతదేశం పటం తగిలించి, దిగిన ఊరి మీద బొట్టుబిళ్ల అంటించండి. ఆవిడ "తర్వాత ఏ ఊరు?" అంటే పుస్తకం నచ్చినట్టు. "ఇంకా ఎంతుంది?" అంటే ఆపేయండి, మొహమాటపడకండి.

భీమవరం కుర్రాడు
సార్, అది గ్రాంథికం కదా, పెద్దావిడకి బుర్రకెక్కదు. ఇప్పటివాళ్లు రాసినవి ఇవ్వండి.

పాత లైబ్రేరియన్, రాజమండ్రి
బాబూ, అది ఆ కాలపు వాడుక భాషే. కాకపోతే నువ్వన్నదీ కొంత నిజం. వాక్యం ఒక్కోసారి అరపేజీ సాగుతుంది, ఎక్కడ ఆపాలో తెలీదు. అమ్మా, ముందురోజు రాత్రే ఒకసారి చదువుకుని పెన్సిలుతో గీతలు పెట్టుకోండి. ఇంకో లోటుంది. ఆయన హోదా ఉన్న మనిషి, పల్లకీ మోసిన బోయీల మనసు అందులో దొరకదు. ఆడవాళ్ల చూపు కావాలంటే నాయని కృష్ణకుమారి గారి కాశ్మీర దీపకళిక చదవండి. లెక్చరరుగా విద్యార్థినుల్ని వెంటబెట్టుకుని వెళ్లిన యాత్ర అది.

టీచరమ్మ, నరసాపురం
మీ ఆడపడుచు మాట తీసిపారేయకండి. మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక నేను యాత్రల పుస్తకాలే చదివాను. హిమాలయాలప్పుడు హాయిగా విన్నారు. అంతర్వేది తీర్థం గురించి ఒక వ్యాసం చదివితే గోడవైపు తిరిగి పడుకున్నారు. చిన్నప్పుడు పడవలో వెళ్లేవారట. ఎన్నడూ చూడని చోటు బాధపెట్టదు, వెళ్లొచ్చిన చోటే బాధపెడుతుంది. ఇది నా అనుభవం. మీ ఇంట్లో ఇంకోలా ఉండొచ్చు.

ఆయనకి బాగా పట్టింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి స్వీయచరిత్ర. చూపు పోయాక చెప్పి రాయించింది. "ఈయనా ఇంకొకరి చేతిమీదే రాశాడు" అని రెండుసార్లు అన్నారు.

పాత లైబ్రేరియన్, రాజమండ్రి
అయితే అసలు చిక్కు చివర్లో వస్తుంది. వీరాస్వామయ్య తిరుగు ప్రయాణంలో కోస్తా దారి పట్టి మన గోదావరి దాటాడు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, కాటన్ దొర దాన్ని మొదలెట్టింది 1847లో. కాబట్టి ఆవిడ ఎరిగిన కాలవల గోదావరి కాదది. అయినా ఆ పేజీలు ముందుగా మీరు చదివి చూసుకోండి. వదిలేయమని మాత్రం నేననను.

టీచరమ్మ, నరసాపురం
నేనైతే వదిలేస్తాను.

కోడలు, అంబాజీపేట
పన్నెండు రోజులైంది. కడప దాటాం, పటం మీద బొట్టుబిళ్లలు పడుతున్నాయి. నిన్న సగంలో ఆపించి "ఇంతమందికి వంట ఎవరు చేశారే?" అన్నారు. పుస్తకంలో నాకు కనబడలేదు. ఆయన వెంట వెళ్లిన వంద మందికి ఎన్ని కుంచాల బియ్యం పడతాయో ఆవిడే లెక్క కట్టారు, పెళ్లిళ్లలో వండించిన మనిషి కదా. మా ఆడపడుచు ఫోన్లో ఇంకా "చివరికి ఏడుస్తుంది చూడు" అంటోంది. గోదావరి పేజీలకి గుర్తుగా కాగితం పెట్టాను. చదవాలో వద్దో ఆ రోజు ఆవిడనే అడుగుతాను.