నీలిలో పచ్చా, నీలిపై పచ్చా?

అపర్ణ: "నీలి… పచ్చ నిలవని పచ్చ." ఈ మాటలో మధ్య అక్షరం గుర్తు రావడం లేదు: 'లో' నా, 'పై' నా? వారం రోజులుగా బుర్ర తినేస్తోంది. పుస్తకంలో చదివింది కాదు, ఇంట్లో గుడ్డలకు రంగులు వేసే పెద్దవాళ్ళ నోట విన్నది. ఇప్పుడు నేనే ఒక నూలు చున్నీకి నీలి, పసుపు కలిపి చిలకపచ్చ తేవాలనుకుంటున్నాను. అందుకని ఆ అక్షరం మీద పట్టుదల ఇంకా పెరిగింది.

శేషగిరి: ఛందస్సు ఇక్కడ సాయం చేయదమ్మా. 'లో' గురువే, 'పై' గురువే. కానీ నోటి మాటలో 'పై' ఎక్కడ వస్తుంది? గోడ మీద పిల్లి, దున్నపోతు మీద వాన. జనం 'మీద' అంటారు. కాబట్టి 'పై' అయ్యే అవకాశం తక్కువ, 'లో' కే నా ఓటు.

వాసు: అసలు 'పచ్చ' అంటే ఏ రంగో తేల్చకుండా 'లో', 'పై' ల గొడవెందుకు? పచ్చగడ్డి ఆకుపచ్చ, పచ్చకామెర్లు పసుపుపచ్చ. పచ్చ అంటే పసుపే అనుకుంటే అర్థం సులువు: నీలితో కలిసిన పసుపు నిలవదు.

కిరణ్: అర్థం ఏదైనా పనిలో తేడా ఏముంటుంది? పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ. పెయింట్‌లో ఏది ముందు కలిపినా ఒకటే కదా.

రమణి: గుడ్డ దగ్గర ఒకటి కాదు కిరణ్ గారూ. నీలి నీళ్ళలో కరగదు. దాన్ని కరిగించాలంటే తొట్టిలో క్షారం ఉండాలి, ప్రాణవాయువు పోవాలి. ఇంట్లో చాలామంది నీలి ఒక వంతు, సున్నం రెండు వంతులు, పండ్ల చక్కెర మూడు వంతులు వేసి కడతారు. ముందు పసుపు వేసిన గుడ్డను ఆ సున్నపు నీళ్ళలో ముంచితే పసుపు వెంటనే ఇటుక రంగుకి తిరుగుతుంది. కొంత కరిగి తొట్టిలోకి దిగిపోతుంది కూడా. అందుకే ముందు నీలి, తర్వాత పసుపు.

కిరణ్: ఇటుక రంగుకి తిరిగితే వెనిగర్ నీళ్ళలో జాడిస్తే మళ్ళీ పసుపు అవుతుందిగా? చేసి చూశాను, అయింది.

రమణి: అవుతుంది, గుడ్డలో మిగిలి ఉన్నంత వరకు. క్షారంలో పసుపు రంగు త్వరగా విరిగిపోతుంది కూడా. తొట్టిలో ఎంతసేపు ఉంటే అంత పోతుంది, పైగా అన్నిచోట్లా సమానంగా పోదు. చివరికి ఏ ఛాయ వస్తుందో ముందుగా చెప్పలేకపోవడానికి అదే కారణం.

అపర్ణ గారూ, మీ వాక్యం నాకు 'లో' గానే వినిపిస్తోంది, కానీ వాసు గారు చెప్పిన కారణానికి కాదు. బాగా కుదిరిన తొట్టిలో నీళ్ళు నీలంగా ఉండవు. పైన రాగి మెరుపు ఉన్న పొర, దాని కింద తేనె రంగు నీళ్ళు. గుడ్డ పైకి తీయగానే పచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొన్ని నిమిషాల్లో అంచుల నుంచి మొదలై అంతా నీలం అయిపోతుంది. నీలిలో కనిపించే ఆ పచ్చే 'నిలవని పచ్చ'. అది చూసి 'అబ్బ, పచ్చ వచ్చేసింది' అనుకోవద్దని చెప్పే మాట అది.

శేషగిరి: ఎంత బాగుంది! 'లో' కి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సుజాత: నాకూ ఇదే సమస్య. నాది బీట్‌రూట్. తెల్ల నూలు గుడ్డని ఉప్పు వేసి బాగా మరిగించాను. తీసినప్పుడు గులాబీ రంగు, రెండు ఉతుకుల తర్వాత పాత కాగితం రంగు. 'నిలవని ఎరుపు' అని కూడా ఏమైనా సామెత ఉందా?

రమణి: సామెత తెలియదు కానీ కారణం ఉంది సుజాత గారూ. బీట్‌రూట్ రంగుకి నూలుతో బంధం కుదరదు. మరిగిస్తే విరిగి గోధుమ, పసుపు వైపు వెళ్ళిపోతుంది. ఉప్పు గానీ పటిక గానీ దాన్ని పట్టి ఉంచలేవు. వెనిగర్ వేస్తే ఆ కాసేపు గులాబీ బాగా కనిపిస్తుంది, అంతే. ఉతకాల్సిన గుడ్డకు అది పనికిరాదు.

శేషగిరి: రంగు పేర్లు మనవాళ్ళు ఎంత స్వేచ్ఛగా వాడారో చూడండి. పోతన "నల్లనివాడు పద్మనయనంబులవాడు" అన్నాడు. నీలమేఘశ్యాముణ్ణి నల్లనివాడు అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. నల్లకలువ అంటాం, అది నీలోత్పలం. పైగా ఆ పద్యం ఉత్పలమాల!

వాసు: అదే పద్యంలో "మౌళిపరిసర్పిత పింఛమువాడు" కూడా ఉంది. నెమలి పింఛం అటు తిప్పితే నీలం, ఇటు తిప్పితే పచ్చ. నిలవని పచ్చ అంటే అదీ కావచ్చు.

శేషగిరి: అది మరీ దూరం లాగడం వాసూ. పోతన పద్యం దాకా అయితే ఒప్పుకుంటాను, అపర్ణ వాక్యం దాకా కాదు.

ఫాతిమా: నేను 'పై' పక్షం. రమణి గారు చెప్పినట్టే నీలి మీద పసుపు వేసి ఆకుపచ్చ తెచ్చాను, చాలా అందంగా వచ్చింది. కిటికీకి తెరగా కట్టాను. ఎండ తగిలిన మడతల్లో నీలం, నీడలో ఉన్న మడతల్లో పచ్చ. పసుపు వెలుగుకి వెలిసిపోయింది, కింద నీలి అలాగే ఉంది. నీలిపై పచ్చే నిలవని పచ్చ.

రమణి: ఇది గట్టి మాట. ఎండకి ముందు పోయేది పసుపే. యూరప్‌లో పాత నేత తెరల్లో చెట్ల ఆకులు నీలంగా కనిపించేది కూడా ఇందుకే. అక్కడ వాడిన పసుపుపచ్చ వేరే మొక్కది, కథ మాత్రం ఇదే.

అపర్ణ: మరి నా చున్నీ? చివరి ఛాయ ముందే ఎలా తెలుస్తుంది?

రమణి: అదే గుడ్డలోంచి నాలుగు పేలికలు కత్తిరించండి. ఒక్కోదాన్ని నీలిలో వేర్వేరు సార్లు ముంచండి: ఒకసారి, రెండుసార్లు, అలా. ప్రతిసారీ గాలికి పూర్తిగా నీలం అయ్యాకే మళ్ళీ ముంచాలి. తర్వాత జాడించి, చివరి జాడింపులో కొంచెం వెనిగర్ వేసి సున్నం పోగొట్టండి. సున్నం మిగిలితే పసుపు మళ్ళీ ఎర్రబడుతుంది. 100 గ్రాముల గుడ్డకు 25 గ్రాముల పసుపు, ఉడుకు రానివ్వకుండా వేడి నీళ్ళలో అరగంట. పొడి కలిపిన నీళ్ళను ముందే వడకట్టకపోతే చుక్కలు పడతాయి.

చిలకపచ్చ కావాలంటే నీలి మీరు అనుకున్నదానికంటే లేతగా ఉండాలి. ముదురు నీలి మీద పసుపు దాదాపు కనిపించదు. తడిలో చూసి తీర్పు చెప్పకండి, ఆరాక రంగు ఒక మెట్టు తగ్గుతుంది. తర్వాత ప్రతి పేలికనూ మీరు రోజూ వాడే సబ్బుతో ఉతికి, సగం అట్టతో కప్పి, వారం పాటు కిటికీలో పెట్టండి. అట్ట తీసినప్పుడు రెండు సగాలకీ ఉన్న తేడానే మీ చున్నీకి జరగబోయేది.

కిరణ్: సబ్బు కూడా క్షారమేగా? పచ్చ గోధుమరంగు అవుతుందేమో.

రమణి: గాఢమైన సబ్బుకి అవుతుంది. మళ్ళీ వెనిగర్ జాడింపుతో చాలావరకు తిరిగి వస్తుంది. ఈ మాట మీరు సరిగ్గా పట్టుకున్నారు.

శేషగిరి: అంటే 'లో' అన్నా నిజమే, 'పై' అన్నా నిజమే. కానీ అన్నవాడు ఏదో ఒకటే అని ఉంటాడు కదా! నోటి మాటలో 'పై' రాదన్న నా అభ్యంతరానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

ఫాతిమా: 'నీలిమీద పచ్చ' అని ఉండి ఉంటే? అపర్ణ గారూ, ఖాళీలో ఒక్క అక్షరమే ఉందని కచ్చితంగా గుర్తుందా?