ఎక్స్‌ట్రూడర్ టక్ టక్ మంటే స్ప్రింగ్ బిగించాలా, వేగం తగ్గించాలా?

కొత్త మేకర్, విజయవాడ

ఇన్‌ఫిల్ వేసేటప్పుడు మాత్రమే నా 3డీ ప్రింటర్ ఎక్స్‌ట్రూడర్ టక్ టక్ మంటోంది, ఆ చోట గీతలు సన్నబడి ఖాళీలు వస్తున్నాయి. పీఎల్ఏ, 0.4 నాజిల్, 0.28 లేయర్, 195 డిగ్రీలు. ఇన్‌ఫిల్ వేగం 100, గోడల వేగం 50. స్ప్రింగ్ బిగించమని ఒకరు, వేడి పెంచమని మరొకరు అంటున్నారు. ఏది సరైనది?

లేత్ మాస్టారు

పట్టు చాలక గేరు పళ్ళు ఫిలమెంట్ మీద జారినప్పుడు వచ్చే చప్పుడే ఇది. స్ప్రింగ్ మరను రెండు చుట్లు బిగించండి. మీది ప్లాస్టిక్ లీవర్ అయితే దాన్ని ఊడదీసి, ఇరుసు బోల్టు పట్టే రంధ్రం చుట్టూ వెలుతురులో చూడండి. అక్కడ వెంట్రుకవాసి పగులు ఉన్నా స్ప్రింగ్ బలం ఫిలమెంట్‌కు అందదు. వేడి పెంచితే ప్రింట్ మీద సాలెగూడులా తీగలు సాగడం తప్ప ప్రయోజనం ఉండదు.

హాట్‌ఎండ్ మరమ్మతు

లీవర్ పగులు గురించి మాస్టారు గారు చెప్పింది నిజం, నేను కూడా మొదట అదే చూస్తాను. కానీ చప్పుడును బట్టి పట్టు ఉందో లేదో చెప్పలేమండీ. గేరు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టి, చప్పుడు వచ్చేటప్పుడు దాన్నే గమనించండి. గీత ఒక్కసారిగా వెనక్కి తుళ్ళితే గేరు ఫిలమెంటును గట్టిగానే పట్టుకుని ఉందని, ముందుకు తోయలేక మోటారే అడుగులు తప్పుతోందని అర్థం. గీత సాఫీగా తిరుగుతూ ఫిలమెంట్ మాత్రం కదలకుండా ఉంటే పట్టు పోయినట్టు. మొదటి సందర్భంలో స్ప్రింగ్ బిగించడం వల్ల మోటారుకు కొత్త బలమేమీ రాదు. పైగా మరీ బిగిస్తే ఫిలమెంట్ నొక్కుకుపోయి, ట్యూబులో రాసుకుంటూ నడిచి, బరువు ఇంకా పెరుగుతుంది.

చప్పుడు ఇన్‌ఫిల్‌లోనే వస్తోందన్నారు కనుక నా అనుమానం వేగం మీద ఉంది. నాజిల్ వేసే గీత వెడల్పు 0.45 అనుకుంటే, 0.28 × 0.45 × 100 లెక్కన నాజిల్ సెకనుకు 12.6 ఘన మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌ను కరిగించి బయటకు పంపాలి. గోడల దగ్గర ఇందులో సగమే, 6.3, చాలు. చవక ప్రింటర్లతో వచ్చే చిన్న హాట్‌ఎండ్‌కు 195 డిగ్రీల దగ్గర 12.6 చాలా ఎక్కువ. ఫిలమెంట్ లోపలి భాగం మెత్తబడకముందే నాజిల్ చేరి ఎదురుతన్నుతుంది, ఆ ఒత్తిడి మోటారు బలాన్ని మించిన క్షణంలో టక్ మంటుంది.

ఊహతో ఆగకుండా కొలిచి చూడండి. ఎక్స్‌ట్రూడర్‌లోకి ఫిలమెంట్ దిగే చోటు నుంచి 120 మి.మీ. పైన గుర్తు పెట్టి, నాజిల్ వేడెక్కాక ఇది పంపండి:

```
M83
G1 E100 F120
```

గుర్తు వరకు 20 మి.మీ. మిగిలితే అడిగినంతా లోపలికి వెళ్ళినట్టే. తరువాత ఇదే పరీక్షను F200, F300 తో చేయండి. 1.75 ఫిలమెంట్‌కు F300 అంటే సెకనుకు దాదాపు 12 ఘన మిల్లీమీటర్లు, అంటే మీ ఇన్‌ఫిల్‌కు దగ్గర. అయితే ఇది గాలిలోకి వదిలే పరీక్ష. ప్రింట్‌లో కింది లేయర్ కూడా అడ్డుపడుతుంది కనుక ఇక్కడ వచ్చిన హద్దుకు కాస్త లోపలే ఉండాలి.

పాలిటెక్నిక్ ల్యాబ్

మా ల్యాబ్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. స్ప్రింగ్‌ను సగానికి సగం వదులు చేశాకే చప్పుడు ఆగింది. మేము వాడింది టీపీయూ. బిగువు ఎక్కువైతే అది గేరుకూ ట్యూబు మూతికీ మధ్య ఉన్న సందులో మడతపడి బయటకు పొడుచుకొచ్చేది. కాబట్టి వదులు చేయడమే సరైన మార్గమని నా నమ్మకం.

హాట్‌ఎండ్ మరమ్మతు

టీపీయూకు మీరు చేసింది సరైనదే, కానీ అది రబ్బరులా వంగే పదార్థం. గట్టిగా ఉండే పీఎల్ఏకు ఆ కొలత పనికిరాదు. పీఎల్ఏ మీద పళ్ళ గుర్తులు సమాన దూరంలో స్పష్టంగా కనబడాలి, కానీ కడ్డీ గుండ్రదనం పోకూడదు.

కొత్త మేకర్, విజయవాడ

లీవర్‌లో పగులు లేదు. 195 దగ్గర F120 కు 20 మి.మీ., F200 కు 22, F300 కు 35 మి.మీ. మిగిలాయి. F300 లో చప్పుడు వచ్చింది, గేరు గీత ప్రతిసారీ వెనక్కి తుళ్ళింది. 215 కు పెంచి F300 చేస్తే 25 మిగిలాయి. ఇప్పుడు 215 డిగ్రీలు, ఇన్‌ఫిల్ వేగం 70 పెట్టాను, చప్పుడు పోయింది.

కానీ నిన్న చిన్న చిన్న రంధ్రాలున్న జల్లెడ మూత ఒకటి వేస్తుంటే నాలుగో గంటలో చప్పుడు లేకుండానే ఫిలమెంట్ ఆగిపోయింది. గేరు తిరుగుతూనే ఉంది. తీసి చూస్తే ఫిలమెంట్ ఒక పక్క అర్ధచంద్రాకారంలో తినేసి ఉంది, పళ్ళ మధ్య తెల్లటి పొడి నిండింది.

లేత్ మాస్టారు

గేరు తిరుగుతూ ఫిలమెంట్ ఆగడమే పట్టు పోవడమని పైన చెప్పారు కదా. ఇది నేను మొదట చెప్పిన జబ్బే.

హాట్‌ఎండ్ మరమ్మతు

ఈసారి మీ మాటే ఒప్పుకుంటాను మాస్టారు గారూ, ఇది వేరే లోపం. అయితే కారణం స్ప్రింగ్ ఒక్కటే కాకపోవచ్చు. అలాంటి మూతకు రంధ్రం రంధ్రానికీ రిట్రాక్షన్ జరుగుతుంది. రెండు రిట్రాక్షన్ల మధ్య 0.3 మి.మీ. ఫిలమెంటే ఖర్చవుతూ, ప్రతిసారీ 6 మి.మీ. వెనక్కి లాగితే, ఫిలమెంట్‌లోని ఒకే చోటు గేరు కింద ఇరవై సార్లు ముందుకూ వెనక్కూ నలుగుతుంది. స్లైసర్‌లో ఒకే ముక్క మీద రిట్రాక్షన్ల సంఖ్యకు పరిమితి పెట్టే అమరిక ఉంటే దాన్ని తగ్గించండి, లాగే దూరాన్ని కూడా ఒక్కో మిల్లీమీటరు తగ్గించి చూడండి.

గేరు ఇత్తడిదా? చీకటిలో మెరిసే ఫిలమెంట్ ఎప్పుడైనా వాడారా?

కొత్త మేకర్, విజయవాడ

ఇత్తడిదే. మెరిసే రకం రెండు స్పూళ్ళు వాడాను. ఇప్పుడు భూతద్దంలో చూస్తే ఫిలమెంట్ నడిచే చోట పళ్ళ కొనలు మొద్దుబారి ఉన్నాయి, అంచుల వైపు మాత్రం పదునుగా ఉన్నాయి.

హాట్‌ఎండ్ మరమ్మతు

ఆ మెరిసే పొడి ఇత్తడిని ఆకురాయిలా అరగదీస్తుంది. నాజిల్ రంధ్రం కూడా పెద్దదై ఉండవచ్చు, అదీ మార్చండి. గేరు పళ్ళు వెడల్పంతా తిన్నగా ఉన్న రకమైతే, గ్రబ్ స్క్రూ వదులు చేసి ఇరుసు మీద రెండు మిల్లీమీటర్లు జరిపి, ఫిలమెంట్ దారి వంకర పోకుండా ఉంటే, కొత్త పళ్ళతో కొన్నాళ్ళు నడపవచ్చు. మధ్యలో గాడి ఉన్న రకం జరపడానికి వీల్లేదు. గట్టిపరచిన ఉక్కు గేరు వేస్తే ఈ బాధ చాలాకాలం ఉండదు. పాత గేరుతో స్ప్రింగ్ మాత్రమే బిగిస్తే మొద్దు పళ్ళు కొరకవు, నొక్కుతాయంతే.

లేత్ మాస్టారు

గేరు మార్చడం సబబే. కానీ వేగం ఎందుకు వదులుకోవాలి? డ్రైవర్‌లో మోటారు కరెంటు పెంచితే 100 వేగంలోనూ అడుగులు తప్పవు.

హాట్‌ఎండ్ మరమ్మతు

నాకు అందులో భయం ఉంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. విజయవాడ మే నెలలో గదే 40 దాటుతుంది. కరెంటు పెంచితే మోటారు ఇంకా వేడెక్కి, ఇరుసు ద్వారా ఆ వేడి గేరుకు చేరి, మెత్తబడిన ఫిలమెంటును పళ్ళు ఇంకా సులువుగా తినేస్తాయి. టక్ టక్ ఆగుతుంది, పొడి రాలడం మొదలవుతుంది.

లేత్ మాస్టారు

నేను పెంచి రెండేళ్ళయింది, మోటారుకు చిన్న ఫ్యాను పెట్టాను, పొడి రాలలేదు. ఫ్యాను లేకుండా వద్దంటే ఒప్పుకుంటాను, అసలే వద్దంటే ఒప్పుకోను.

కొత్త మేకర్, విజయవాడ

ఉక్కు గేరు, కొత్త నాజిల్ ఆర్డర్ పెట్టాను. అవి బిగించాక, కరెంటు పెంచకముందు ఒకసారి, పెంచాక ఒకసారి, అదే జల్లెడ మూత వేస్తూ నాలుగో గంటలో మోటారు ఇరుసు వేడి కొలిచి, రెండు అంకెలూ ఇక్కడే రాస్తాను.