పలాస జీడిపప్పు: 20 అడుగుల కంటైనర్‌లో 700 కార్టన్లు పేలెట్ల మీద పడతాయా?

పలాస పప్పు
అందరికీ నమస్కారం. పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు, కాగితాలు చూస్తుంటాను. ఎప్పుడూ 20 అడుగుల కంటైనర్‌కి 700 కార్టన్లు లూజుగా పేర్చి పంపడమే మాకు తెలుసు. కార్టన్‌కి 50 పౌండ్లు, అంటే 22.68 కిలోల పప్పు. కవర్లు, అట్టపెట్టెతో కలిపి కాటా మీద 24 కిలోలు తూగుతుంది. బయటి కొలత 47 × 29 × 28 సెంటీమీటర్లు. ఈసారి కొత్త పార్టీ సరుకంతా 120 × 100 సెంటీమీటర్ల పేలెట్ల మీదే, అంటే ఫోర్క్‌లిఫ్టుతో ఎత్తే చెక్క బల్లల మీదే రావాలంటున్నాడు. మా ఓనరుగారేమో "అదే 700, కింద చెక్క పెట్టడమే కదా" అని ఆర్డరు ఒప్పేసుకున్నారు. నాకెందుకో అనుమానంగా ఉంది. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

రాజాం ఇంజినీర్
సింపుల్ బ్రదర్. 20 అడుగుల కంటైనర్ లోపల 33.2 ఘన మీటర్లు. మీ కార్టన్ 0.038. భాగిస్తే 870 దాకా వస్తాయి. పేలెట్ల చెక్కకి ఓ పదిశాతం తీసేసినా 780. 700 హాయిగా పడతాయి, ఓనరుగారు కరెక్టే.

టెక్కలి నీలిరాయి
ఘన మీటర్లు మీకు పనికొస్తాయేమో గానీ మా గ్రానైట్‌కి అదంతా వేస్టు లెక్క బాబూ. మేం 26 టన్నులు ఎక్కిస్తే రాయి 9, 10 ఘన మీటర్లకి మించదు. కంటైనర్లో మూడోవంతు కూడా నిండదు, పైనంతా గాలే. ముందు బరువు చూసుకోండి, ఆ తర్వాతే కొలతలు.

సోంపేట సీహెచ్‌ఏ
వైజాగ్‌లో కస్టమ్స్ హౌస్ ఏజెంటు దగ్గర పని చేస్తున్నాను, కంటైనర్లో సరుకు నింపే స్టఫింగ్ పని దగ్గరుండి చూస్తుంటాను. టెక్కలి అన్నయ్య చెప్పింది రాయికి నిజం. జీడిపప్పుకి బరువు అడ్డు రాదు. 700 కార్టన్లు 24 కిలోల చొప్పున 16.8 టన్నులు. 20 అడుగుల కంటైనర్ 28 టన్నుల దాకా మోస్తుంది. ఇక్కడ చోటే సమస్య.

రాజాం తమ్ముడి లెక్కలో చిక్కేమిటంటే, కార్టన్ నీళ్లలా పోసేది కాదు. పొడవులో 12 కార్టన్లు పట్టి పావు మీటరు మిగిలితే, ఆ పావు మీటరు మనకి రాదు. అందుకని ఒక్కో దిక్కుకి విడిగా భాగించి, మిగులు వదిలేయాలి. లోపలి కొలతలు మిల్లీమీటర్లలో 5898 పొడవు, 2352 వెడల్పు, 2393 ఎత్తు (తయారీని బట్టి కొంచెం అటూ ఇటూ). ఎక్సెల్లో ఇలా కొట్టండి:

```
=INT(5898/470)*INT(2352/290)*INT(2393/280)
```

12 × 8 × 8, మొత్తం 768. మీరు లూజుగా పంపే 700 దీనిలోనే ఇమిడిపోతున్నాయి. ఏడు లేయర్లకి 672, మిగతా 28 ఎనిమిదో లేయర్‌లో లోపలి గోడ వైపు పడతాయి.

రాజాం ఇంజినీర్
ఒప్పుకున్నాను. కానీ కార్టన్‌ని అడ్డంగా తిప్పి చూశారా? పొడవులో 29 చొప్పున 20, వెడల్పులో 47 చొప్పున 5. లేయర్‌కి 100 వస్తాయి, 96 కాదు. ఎనిమిది లేయర్లకి 800.

బొబ్బిలి అట్టలు
తమ్ముడూ, ఐదు నలభై ఏడులు 235. కంటైనర్ వెడల్పు 235.2. ఆ రెండు మిల్లీమీటర్ల సందులోకి ఐదో పెట్టెని ఎవరు తోస్తారు?

నాది గ్రోత్ సెంటర్‌లో అట్టపెట్టెల యూనిట్. పప్పు నింపాక కార్టన్ కొలత మారిపోతుంది. వాక్యూమ్ కవరు దిండులా ఉంటుంది కదా, పక్క అట్టని బయటికి నెడుతుంది. ఖాళీ పెట్టె 29 ఉంటే నింపినది మధ్యలో 29.4 ఉండొచ్చు. ఇంకోటి, ఆర్డరు కాగితం మీద మేం రాసేది చాలాసార్లు లోపలి కొలత. ఒక్క పెట్టెకి టేపు పెట్టి ఎనిమిదితో గుణించకండి. నింపి, టేపు వేసిన ఎనిమిది పెట్టెల్ని గోడకి ఆనించి పక్కపక్కన పేర్చి, మొత్తానికి ఒకేసారి టేపు పట్టండి. 232కి బదులు 234 వచ్చినా పడుతుంది. 236 వస్తే ఆ వరసకి ఏడే.

ఎచ్చెర్ల టిఫిన్స్
హైవే పక్కన టిఫిన్ సెంటర్ పెడదామని పాత కంటైనర్ చూస్తున్నాను. లోపల ఎత్తు 2393 అన్నారు, అంటే ఫ్యాన్ పెట్టుకోవచ్చా? సెకండ్ హ్యాండ్ ఎంతకొస్తుంది?

సోంపేట సీహెచ్‌ఏ
ఎచ్చెర్ల గారూ, ఇక్కడ నడుస్తున్నది ఎగుమతి లెక్క. ఫ్యాన్ పెడితే నిలబడ్డవాళ్లు చెయ్యెత్తినప్పుడు తగులుతుంది, గోడ ఫ్యాన్ పెట్టుకోండి. రేటు నాకు తెలీదు.

ఇక పేలెట్ల సంగతి. పలాస తమ్ముడూ, మీ అనుమానం సరైనదే. ముందు ఒక పేలెట్ మీద చూడండి. 120 వైపు 29 చొప్పున నాలుగు, 100 వైపు 47 చొప్పున రెండు, లేయర్‌కి 8. అంచు దాటి ఏదీ బయటికి రాదు, బావుంది. ఎన్ని లేయర్లన్నదే అసలు ప్రశ్న.

రాజాం ఇంజినీర్
పేలెట్ చెక్క 15 సెంటీమీటర్లు. ఎనిమిది లేయర్లు 224. మొత్తం 239. లోపల ఎత్తు 239.3. కరెక్టుగా సరిపోయింది!

సోంపేట సీహెచ్‌ఏ
లోపల సరిపోవచ్చు, లోపలికెలా వెళ్తుంది? తలుపు దగ్గర ఎత్తు 228 మాత్రమే. పైన అడ్డంగా ఇనుప దూలం ఉంటుంది, కప్పు కన్నా 11 సెంటీమీటర్లు కిందికి. లూజు సరుకైతే కళాసీలు ఒక్కో కార్టన్ని పట్టుకెళ్లి లోపల కప్పుదాకా పేర్చేస్తారు, దూలంతో వాళ్లకి పని లేదు. పేలెట్ నిలువునా వెళ్లాలి. పైగా నేలకి ఆనించి పోదు, ఫోర్క్‌లిఫ్టు గానీ చేతి జాకీ గానీ కాస్త పైకెత్తాలి. అందుకే ఏడు లేయర్లు, చెక్కతో 211. దూలానికి 17 సెంటీమీటర్ల జాగా.

ఏడు ఎనిమిదులు 56, పేలెట్‌కి 56 కార్టన్లు. ఇక 20 అడుగుల్లో 120 × 100 పేలెట్లు పది పెట్టొచ్చు, కాని తిప్పి పెట్టడం తెలియాలి. ఎడమ వరసలో 120 వైపు కంటైనర్ పొడవునా ఉండేలా నాలుగు నిలువుగా, తలుపు దగ్గర ఒకటి అడ్డంగా: 480, 100 కలిపి 580. కుడి వరసలో తిరగేయాలి, నాలుగు అడ్డంగా 400, తలుపు దగ్గర ఒకటి నిలువుగా 120. ఎక్కడ చూసినా అటు 120 ఉంటే ఇటు 100 ఉండాలి, రెండూ కలిపి 220. రెండు వైపులా 120 ఎదురెదురుగా వస్తే 240, వెడల్పు చాలదు. ఇది తెలియనివాళ్లు తొమ్మిది పెట్టి తలుపు మూసేస్తారు.

కుడి వరసలో మధ్యన 60 సెంటీమీటర్ల ఖాళీ వస్తుంది. అక్కడ చెక్క గానీ గాలిసంచి గానీ బిగించాలి, లేకపోతే దారిలో పేలెట్లు జారి ఒరుగుతాయి.

పది పేలెట్లు × 56 = 560. మీ 700 పడవు.

పలాస పప్పు
560యా! కంటైనర్ అద్దె అదే, కార్టన్లు తగ్గాయి. అంటే కార్టన్‌కి రవాణా ఖర్చు పావు వంతు పెరిగినట్టు. ఓనరుగారికి చెప్పాలంటే భయంగా ఉంది. 40 అడుగులది తీసుకుంటే?

రాజాం ఇంజినీర్
40 అడుగుల హైక్యూబ్ తీసుకోండి. తలుపు ఎత్తు 258, ఎనిమిది లేయర్లు దర్జాగా వెళ్తాయి. పేలెట్‌కి 64, 21 పేలెట్లు, 1344 కార్టన్లు.

టెక్కలి నీలిరాయి
నే చెప్పినా వినరు. 1344ని 24తో గుణించండి. 32 టన్నులు! పెట్టె మొయ్యదు, ట్రైలరు రోడ్డెక్కదు.

సోంపేట సీహెచ్‌ఏ
అవును, 40 అడుగులకి వచ్చేసరికి అన్నయ్య మాటే నెగ్గింది. చోటు రెట్టింపవుతుంది గానీ మోసే బరువు దాదాపు అంతే. మీకు కావలసినవి 700 కాబట్టి 11 పేలెట్లు చాలు, 704 పడతాయి. కాని సగం ఖాళీ కంటైనర్‌కి 40 అడుగుల అద్దె కట్టాలి. ఆ రెండు కొటేషన్లూ తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. ఏ దారిలో వెళ్లినా పోర్టుకిచ్చే బరువు కాగితంలో చెక్క, గాలిసంచులు అన్నీ కలవాలి. 2016 జులై నుంచి ఆ కాగితం లేకుండా ఓడ ఎక్కనివ్వరు.

ఇంకో మాట. చెక్క పేలెట్లయితే వేడి చేసిన ముద్ర ఉందో లేదో చూసి కొనండి. ముద్ర లేని చెక్క అవతలి రేవులో ఆగిపోతుంది.

పలాస పప్పు
మాకు ర్యాంపు కూడా లేదండి. కంటైనర్ ట్రైలరు మీదే ఉంటుంది, నేల నుంచి ఛాతీ ఎత్తు దాటి ఉంటుంది. చిన్న ఫోర్క్‌లిఫ్టు ఉంది గానీ అది లోపలికి ఎక్కలేదు.

సోంపేట సీహెచ్‌ఏ
ఫోర్క్‌లిఫ్టుతో పేలెట్‌ని తలుపు అంచున దింపి, లోపల చేతి జాకీతో లాక్కోవచ్చు. పేలెట్ 1350 కిలోలు దాటుతుంది, ఇద్దరు గట్టివాళ్లు కావాలి. లోపలివి ఎలాగోలా అయిపోతాయి, తలుపు దగ్గరి చివరి రెండింటితోనే తంటా. లేదంటే సరుకు లారీలో వైజాగ్ తెచ్చి అక్కడ కంటైనర్లు నింపే యార్డులో, అదే సీఎఫ్‌ఎస్‌లో ఎక్కించండి, ఖర్చు వేరే.

బొబ్బిలి అట్టలు
మరోలా ఆలోచిస్తే? కార్టన్ కొలతే మార్చండి. 50 × 30 × 26 చేయిస్తే పరిమాణం దాదాపు అదే. 120 × 100 మీద ఎనిమిది పెట్టెలు చదరంలా కూర్చుంటాయి, ఖాళీ ఉండదు. ఎనిమిది లేయర్లు 208, చెక్కతో 223. తలుపులో వెళ్తుంది. పేలెట్‌కి 64, పదికి 640.

పేర్చేటప్పుడు మూల మీద మూల రావాలి. ఇటుకల్లా మార్చి మార్చి పేర్చితే చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ అడుగు పెట్టె నలిగిపోతుంది. అట్ట బలమంతా నాలుగు మూలల్లోనే.

సోంపేట సీహెచ్‌ఏ
లెక్క బాగుందమ్మా, కానీ 223కి 228 అంటే ఐదు సెంటీమీటర్లే. జాకీ ఎత్తాక ఎంత మిగులుతుంది? ఇందాక మీరే అన్నారు పెట్టె ఉబ్బుతుందని. పేలెట్ అంచుదాకా నిండితే ఉబ్బు బయటికే వస్తుంది. ఎడమ వరసకి 580 కావాలి, ఒక్కో పేలెట్ రెండు సెంటీమీటర్లు పెరిగితే 590. ఉన్నది 589.8.

బొబ్బిలి అట్టలు
అయితే పెట్టెని అర సెంటీమీటరు తగ్గించి, ఒక పేలెట్‌కి సరిపడా శాంపిల్ చేసి నింపి చూడాలి. కాగితం మీద తేలేది కాదు. పలాస తమ్ముడు పప్పు ఇస్తే పెట్టెలు నేనిస్తాను.

రాజాం ఇంజినీర్
ఆ కొత్త పెట్టె లూజుకి కూడా లెక్క కట్టాను. 11 వరసల్లో 7 చొప్పున 77, చివర 39 సెంటీమీటర్లు మిగిలితే అక్కడ తిప్పి నాలుగు పెట్టాను. లేయర్‌కి 81, తొమ్మిది లేయర్లకి 729. మిగతా పార్టీలకి 700 చొప్పున పంపడానికీ ఇబ్బంది లేదు. తొమ్మిది లేయర్లు 234 అవుతాయి, దూలం దాటాక పేర్చేవే కాబట్టి ఫర్వాలేదనుకుంటా?

సోంపేట సీహెచ్‌ఏ
లోపల ఫర్వాలేదు. తలుపు దగ్గరి ఆఖరి వరస తొమ్మిదోది మాత్రం దూలం కింద నుంచి వంచి దూర్చాలి, కళాసీలు తిట్టుకుంటారు. అక్కడ ఎనిమిదితో ఆపేయండి, నాలుగు తగ్గినా 725.

పలాస తమ్ముడూ, ముందు పార్టీకి ఒక మెయిల్ పెట్టండి. లూజుగా 700 పంపితే అవతల దింపేటప్పుడు వాళ్లే పేలెట్ల మీద సర్దుకుంటారా, ఆ కూలీ ఎవరిది అని. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే 560కి రేటు మార్చి రాయండి.

పలాస పప్పు
మెయిల్ పెట్టాను. ఓనరుగారు మాత్రం ఇంకా "మన కళాసీలు ఎలాగోలా పట్టిస్తారు" అనే అంటున్నారు. రేపు ఎనిమిది పెట్టెలు పేర్చి టేపు పట్టి ఇక్కడ పెడతాను.

ఎచ్చెర్ల టిఫిన్స్
తలుపు ఎత్తు 228 అన్నారు కదా, ఫ్రిజ్ నిలువునా వెళ్తుందా?