అప్‌డేట్: మెషీన్ ఆయుష్షు తగ్గిస్తే పాత సంవత్సరాల లెక్కలు మార్చాలా?

నా ప్రశ్న: "మెషీన్ ఆయుష్షు తగ్గించాం, పాత రిపేర్ బిల్లు ఒకటి తప్పుగా ఆస్తిలో చేరింది. రెండూ అకౌంటింగ్ పాలసీ మార్పులేనా?"

ఆడిటర్‌తో కూర్చున్నాక తేలింది, రెండూ కావు. మాది ఇండ్ ఏఎస్ అకౌంటింగ్ ప్రమాణాలు వర్తించే కంపెనీ.

మెషీన్ 2020 ఏప్రిల్ 1న 60 లక్షలకు కొన్నాం. పదేళ్లు, స్ట్రెయిట్ లైన్, స్క్రాప్ విలువ సున్నా. 2024 మార్చికి మిగిలింది 36 లక్షలు. 2024-25 మొదట్లో ఇంజనీర్ చూసి, ఇక నాలుగేళ్లే పనిచేస్తుందన్నారు. ఇది కొత్త సమాచారం, అంటే అంచనా మార్పు. 36 లక్షలను నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 9 లక్షలు. పాత సంవత్సరాలను ముట్టుకోలేదు.

రిపేర్ బిల్లు 4 లక్షలు. 2023 మార్చి 31న దాన్ని ఆస్తిగా చూపాం. అది మామూలు సర్వీసింగ్ అని బిల్లులోనే రాసి ఉంది, మేమే చూడలేదు. అందుకే పాత కాలపు తప్పు. 2023 ఏప్రిల్ 1 ఓపెనింగ్ రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో 4 లక్షలు తగ్గించి, 2023-24లో దానిమీద వేసిన 40 వేల డిప్రిసియేషన్ తీసేశాం. పన్ను ప్రభావం వేరుగా చూపాం. మాకు ఇది మెటీరియల్ కాబట్టి ఆ తేదీ బ్యాలెన్స్ షీట్ కూడా ఇచ్చాం.

డిప్రిసియేషన్ పద్ధతి మార్చినా అంచనా మార్పే అన్న సలహా సరైనదే, కానీ మాకు అవసరం పడలేదు. స్టాకు విలువ కట్టే పద్ధతిని ఫిఫో నుంచి వెయిటెడ్ యావరేజ్‌కి మార్చి ఉంటే అది పాలసీ మార్పు, వెనక్కి వెళ్లి సరిచేయాల్సి వచ్చేది.

"అప్పట్లో ఆ సమాచారం మీ దగ్గర ఉందా?" అని అడిగిన వారికి థాంక్స్. ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోయింది.