క్లిక్కు 3 రూపాయలకే తెస్తున్న యాడ్ సెట్‌ను పెంచాలా, ఆపాలా?

నేతచీర:
మంగళగిరి నూలు చీరలు మా సైటులో అమ్ముతున్నాం. చీర ధర 1,850. అన్ని ఖర్చులూ పోగా, ప్రకటన ఖర్చు తీయకముందు, చీరకు 600 మిగులుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నాలుగు యాడ్ సెట్లు నడుస్తున్నాయి. గత 7 రోజుల స్క్రీన్‌షాట్ పెట్టాను. ఫోనులో అక్షరాలు కనపడవేమోనని అంకెలు ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఆసక్తులు: ఖర్చు 4,200, క్లిక్కులు 1,400, క్లిక్కుకు 3.00, Cost per result 3.00
పోలిక జనం: ఖర్చు 4,080, క్లిక్కులు 480, క్లిక్కుకు 8.50, Cost per result 340
పాత సందర్శకులు: ఖర్చు 1,440, క్లిక్కులు 120, క్లిక్కుకు 12.00, Cost per result 240
అందరికీ: ఖర్చు 960, క్లిక్కులు 160, క్లిక్కుకు 6.00, Cost per result 960

చివరిది మొదలుపెట్టి మూడు రోజులే అయింది. క్లిక్కుకు 12 పెట్టడం దండగ కదా, మూడోదాన్నీ నాలుగోదాన్నీ ఆపేసి ఆ డబ్బు మొదటిదానికి మళ్లిద్దామనుకుంటున్నాను. సరేనా?

లెక్కలపద్దు:
క్లిక్కు ధర చూసి నిర్ణయించకండి. మీకు మిగిలేది 600. ఆర్డరు ఖర్చు 600 దాటినది ఏదైనా ఈ రోజే ఆపేయాలి, దాటనిది ఉంచాలి. అంతకు మించి ఆలోచించడానికి ఏమీ లేదు. నాలుగోది ఆపండి, మొదటిదాన్ని పెంచండి. 3 రూపాయలకు ఫలితం వస్తుంటే ఇంకేం కావాలి!

గోదారిగట్టు:
ఆగండి, ఆగండి. స్క్రీన్‌షాట్‌ను పెద్దది చేసి Results గడిలో అంకె కింద ఉన్న బూడిదరంగు చిన్న అక్షరాలు చదవండి. రెండు, మూడు, నాలుగు వరుసల్లో Website purchases అని ఉంది. మొదటి వరుసలో మాత్రం Link clicks అని ఉంది. అంటే ఆ 3 రూపాయలు ఆర్డరు ధర కాదు, క్లిక్కు ధరే రెండు గడుల్లో కనబడుతోంది. అట్టడుగు మొత్తాల వరుసలో Results దగ్గర అంకె లేకుండా గీత ఉంది, చూశారా? వేర్వేరు రకాల ఫలితాలను కూడలేకనే అలా వదిలేసింది.

మొదటి యాడ్ సెట్ చేసేటప్పుడు Performance goal దగ్గర ఏమి ఎంచుకున్నారు? నిలువు వరుసల్లో Purchases, Landing page views చేర్చి మళ్లీ చూడండి. ప్రకటన కనబడిన స్థానాలవారీగా కూడా విడగొట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఆవకాయజాడీ:
మేము రాజమండ్రి నుంచి పచ్చళ్లు అమ్ముతాం. మాకు వాట్సాప్‌లో ఒక సంభాషణ 40 రూపాయలకు వస్తోంది. మీకు 340 అవుతోందంటే చాలా ఎక్కువండీ. మీరు కూడా వాట్సాప్‌కు మారండి.

గోదారిగట్టు:
జాడీ గారూ, మీది పలకరింపు ధర, వారిది డబ్బు కట్టిన ఆర్డరు ధర. మీ పది పలకరింపుల్లో ఒక్కటే కొనుగోలుగా మారితే మీకు ఆర్డరు 400 పడినట్టు.

ఆవకాయజాడీ:
పదికి రెండు వస్తాయి లెండి. కానీ ఇంకో మాట. చీరల వారివి సరుకు చేరాక డబ్బు కట్టే ఆర్డర్లా? మాకు అలాంటి పార్సిళ్లు పదికి మూడు వెనక్కి వచ్చేవి. డ్యాష్‌బోర్డు మాత్రం వాటిని కూడా ఆర్డర్లుగానే చూపిస్తుంది.

నేతచీర:
మంచి మాట గుర్తుచేశారు. రెండో యాడ్ సెట్ 12 ఆర్డర్లలో మూడు తిరిగొచ్చాయి. చేరినవి తొమ్మిది కనుక ఆర్డరుకు 340 కాదు, 453 పడింది. రానుపోను కొరియర్ ఖర్చు అదనం.

గోదారిగట్టు గారూ, మీరు అన్నట్టే అయింది. మొదటిదానికి Link clicks అనే ఎంచుకున్నాను. అలా చేస్తే క్లిక్కు చవక అవుతుందని ఎవరో చెప్పారు. Purchases చేర్చి చూస్తే నాలుగే ఆర్డర్లు, ఒక్కోటి 1,050. స్థానాలవారీగా చూస్తే 4,200లో 2,310 బయటి యాప్‌లలో ప్రకటనలు చూపే Audience Network మింగేసింది. అక్కడ 1,090 క్లిక్కులు పడ్డాయి, పేజీ తెరుచుకున్నది 230 సార్లే. మిగతా చోట్ల 310 క్లిక్కులకు 280 సార్లు తెరుచుకుంది.

గోదారిగట్టు:
ఆటల యాప్‌లలో ప్రకటన మూసేయబోయి వేలు జారి పడిన క్లిక్కులు అలాగే ఉంటాయి. పేజీ తెరుచుకునేలోగా మనిషి వెనక్కి వెళ్లిపోతాడు. క్లిక్కులు తెమ్మని మీరు అడిగారు, ఎక్కడ చవకగా దొరికితే అక్కడి నుంచి అది తెచ్చింది. దాని తప్పు లేదు.

ఇక్కడ తొందరపడి జనాన్ని తప్పుపట్టకండి. ఆ నాలుగు ఆర్డర్లూ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల నుంచే వచ్చాయనుకుంటే, అక్కడి ఖర్చు 1,890 కనుక ఆర్డరు 472కే పడినట్టు. ఆసక్తుల ఎంపిక బాగానే ఉండవచ్చు, చెడింది లక్ష్యమే. దీన్ని ఆపి, అదే జనంతో నకలు తీసి, లక్ష్యం కొనుగోళ్లుగా పెట్టి నడపండి.

నాలుగోదాన్ని ఆపమన్న లెక్కలపద్దు గారి మాట ఇప్పుడే వద్దు. 960కి ఒక ఆర్డరు వచ్చింది. ఇంకొక్కటి పడి ఉంటే 480 అయ్యేది, మీరే పెంచమనేవారు. ఒక్క ఆర్డరుతో తీర్పు తలకిందులయ్యే చోట తీర్పు ఇవ్వకూడదు. పైగా ఈ రోజు క్లిక్ చేసినవారు నాలుగు రోజుల తరువాత కొన్నా ఆ ఆర్డరు దీని ఖాతాలోకే వస్తుంది. మీ 600కు మూడింతలు, అంటే 1,800 ఖర్చయ్యేదాకా చూడండి. ఇది నా అలవాటు లెక్క, శాస్త్రం కాదు.

లెక్కలపద్దు:
చిన్న అక్షరాలు చూడకపోవడం నా పొరపాటే. కానీ మూడోది ఆపవద్దని ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. 240కే ఆర్డరు. క్లిక్కు 12 అయినా ఇరవై క్లిక్కులకు ఒకరు కొంటున్నారు.

గోదారిగట్టు:
నాకు అనుమానం ఉన్నదే దాని మీద. Frequency 6.1 కనబడుతోంది. వారంలో ఒక్కొక్కరికి సగటున ఆరుసార్లు చూపించింది. వాళ్లలో కొందరు ఎలాగూ కొనేవారే. Compare attribution settings లో క్లిక్ చేసి కొన్నవారు, ఊరికే చూసి కొన్నవారు విడివిడిగా కనబడతారు. ఒకసారి చూడండి.

నేతచీర:
ఆరులో నాలుగు చూసి కొన్నవే. క్లిక్ చేసి కొన్నది ఇద్దరే. ఆ లెక్కన ఆర్డరు 720.

లెక్కలపద్దు:
చూసినదాన్ని బట్టి కొనరా? మా వీధి చివర హోర్డింగు మీద ఎవరూ క్లిక్ చేయరు, అయినా దుకాణానికి జనం వస్తారు. దీన్ని నేను ఒప్పుకోను.

గోదారిగట్టు:
పూర్తిగా కొట్టేయమనడం లేదు. అసలు ధర 240కీ 720కీ మధ్య ఎక్కడో ఉండవచ్చు. బడ్జెట్ సగానికి తగ్గించి, సైటులో వచ్చే మొత్తం ఆర్డర్లు తగ్గుతాయేమో చూడడం తప్ప ఈ స్క్రీన్‌షాట్‌లోంచి ఇంకేమీ తీయలేం.

నేతచీర:
పది రోజుల తరువాత రాస్తున్నాను. మొదటిదాని నకలుకు ఖర్చు 2,820, క్లిక్కులు 300, ఆర్డర్లు 6. క్లిక్కుకు 9.40, ఆర్డరుకు 470. క్లిక్కు ధర మూడింతలైందని నాన్నగారు రోజూ కోప్పడుతున్నారు. ఆర్డర్ల పుస్తకం చూపించాక కాస్త తగ్గారు. నాలుగోది 1,830 దాకా వెళ్లి రెండో ఆర్డరు దగ్గర ఆగిపోయింది. 915 పడుతోంది కనుక దాన్ని ఆపేశాను. మూడోదాని బడ్జెట్ సగం చేశాను. మొత్తం ఆర్డర్లు తగ్గలేదు.

లెక్కలపద్దు:
దసరా ముందు వారం కదండీ! ఏది తగ్గించినా ఆర్డర్లు తగ్గవు. పండుగ వెళ్లాక మళ్లీ చూసి చెప్పండి.