హాజరు పట్టీలో 10 సంతకాలు, 6వ అంశం ఓటింగులో 7 ఓట్లే: మినిట్స్‌లో ఎలా రాయాలి?

కమిటీలో సభ్యులు 15 మంది, కోరం 8. సమావేశం 10:30కి 9 మందితో మొదలైంది. 3వ అంశం నడుస్తుండగా 10:50కి ఒకరు వచ్చారు. 5వ అంశం ముగిశాక 11:40కి ఇద్దరు వెళ్లిపోయారు. 6వ అంశంపై చర్చ మధ్యలో 11:55కి ఇంకొకరు లేచి వెళ్లారు. ఆ తర్వాత ఓటింగు: అనుకూలం 6, వ్యతిరేకం 1, తటస్థులు లేరు.

పట్టీలో క్రమసంఖ్య, పేరు, సంతకం గళ్లే ఉన్నాయి. అందువల్ల మినిట్స్ ముసాయిదాలో "హాజరు: 10" అని ఒకే వరుస పడింది. అది చదివితే 6వ తీర్మానానికి కోరం ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి ఓటు వేళకి గదిలో ఉన్నది 7 మందే.

సభ్యుల రిజిస్టరులో ఉన్నట్టే పేర్లను ముందే అచ్చువేసి, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, అప్పటి అంశం సంఖ్య గళ్లు చేర్చాలని ఆలోచన. చేత్తో రాయిస్తే ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా పడి, సరిచూడటం కష్టమవుతుంది.

తెలిసినవారు చెప్పండి. వచ్చేవారు సంతకం చేస్తారు కానీ వెళ్లేవారు ఆగరు. ఆ సమయాన్ని మినిట్స్ రాసేవారే నమోదు చేస్తే చెల్లుతుందా, అధ్యక్షుల పొట్టి సంతకం కూడా ఉండాలా? రాకపోకలను పైన హాజరు జాబితాలో రాయాలా, ఆయా అంశాల కిందా? 6వ తీర్మానాన్ని "కోరం లేదు" అని నమోదుచేసి వచ్చే సమావేశానికి పెట్టడమే సరైనదా?