ఉప అద్దె కాదు కదా, గెస్ట్‌లకు రెండు రాత్రులు ఇస్తే తప్పేంటి?

వెన్నెల:
నమస్తే అండీ. అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఉద్యోగరీత్యా నెలలో పది రోజులు ఇంట్లో ఉండను. ఆ రోజుల్లో సెలవులకు వచ్చేవాళ్లకు రెండు మూడు రాత్రుల చొప్పున ఇల్లు ఇద్దామని ఆలోచన. ఒప్పందంలో "ఉప అద్దెకు ఇవ్వరాదు" అని ఒకటి, "సొంత నివాసానికి మాత్రమే వాడాలి" అని ఒకటి ఉన్నాయి. గెస్ట్‌లు అద్దెదారులు కారు, పైగా వాళ్లు చేసేదీ ఇంట్లో తిని పడుకోవడమే. కాబట్టి తప్పు లేదనిపిస్తోంది. కానీ అసోసియేషన్ వాళ్లు రోజువారీ గెస్ట్‌లు వద్దని నోటీసు బోర్డులో పెట్టారు. నేను వాళ్లతో ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. అది నాకు వర్తిస్తుందా?

బాటసారి:
మీరన్నది నిజమే. రెండు రాత్రులు ఉండేవాళ్లు ఇంటి మీద హక్కు అడగలేరు, కాబట్టి అది ఉప అద్దె కాదు. గెస్ట్‌ల దగ్గర కొంత డిపాజిట్ తీసుకోండి, సరిపోతుంది.

పాత కాగితాలు:
బాటసారి గారు, మొదటి సగం వరకు ఒప్పుకుంటాను. ఉప అద్దె అవునా కాదా అని వాదించుకోవచ్చు. కానీ వెన్నెల గారిని పట్టేసేది రెండో మాట. "సొంత నివాసం" అంటే అక్కడ ఉండే మనిషికి అది ఇల్లు అయి ఉండాలి. రెండు రాత్రులకు వచ్చినవాళ్లకు అది బస మాత్రమే. ఇంగ్లండ్‌లో 2016లో ఒక ట్రిబ్యునల్ ఇలాగే తేల్చింది. ఆ కేసులో గెస్ట్‌లకు ఇచ్చినావిడ అద్దెదారు కూడా కాదు, దీర్ఘకాలిక లీజు మీద ఫ్లాట్ తనదే. అయినా లీజులో "ప్రైవేట్ నివాసంగా" అన్న షరతు ఉంది కాబట్టి, కొన్ని రాత్రులకు వేర్వేరు మనుషులకు ఇవ్వడం ఉల్లంఘనే అన్నారు. ఒప్పందంలోని పదాల్ని బట్టే తీర్పు వచ్చింది, అందుకే మీ కాగితం అక్షరం అక్షరం చదవండి.

గోరింట:
అయ్యో, అయితే మా అత్తగారు వచ్చి 20 రోజులు ఉంటే అదీ తప్పేనా? మా ఓనర్‌కి చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

పాత కాగితాలు:
కాదమ్మా, ఇక్కడ అడిగింది డబ్బు తీసుకుని తెలియనివాళ్లకు ఇచ్చే సంగతి. ఇంటికి వచ్చిన చుట్టాలు వేరు. కొన్ని ఒప్పందాల్లో ఇన్ని రోజులు దాటితే చెప్పాలని ఉంటుంది, అది మాత్రం చూసుకోండి.

రెండో అంతస్తు:
మా పై ఫ్లాట్‌లో ఇదే జరిగింది. గెస్ట్ కుళాయి కట్టేయకుండా బయటికి వెళ్లిపోయాడు. మా సీలింగ్ ఉబ్బింది, మంచం, పరుపు పాడైపోయాయి. ఎవర్ని అడగాలో తెలియక మూడు నెలలు తిరిగాం. గెస్ట్ పేరు కూడా మాకు తెలియదు.

పాత కాగితాలు:
వెన్నెల గారు, మీకు చెప్పాలనుకున్నది సరిగ్గా ఇదే. కింది ఇంటివాళ్లు అడిగేది మీ ఓనర్‌ని. ఓనర్ బీమా కంపెనీకి రాస్తారు. ఆ రోజు ఇంట్లో ఎవరున్నారని వాళ్లు మొదట అడుగుతారు. పాలసీ తీసుకున్నప్పుడు "అద్దెదారు నివాసం" అని చెప్పి, తర్వాత రాత్రికి డబ్బు తీసుకునే బస నడిచిందని తెలిస్తే క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. మీ సామాన్లకు మీరు తీసుకున్న పాలసీలోనూ వ్యాపార వాడకాన్ని చాలాసార్లు మినహాయిస్తారు. గెస్ట్ వెళ్లిపోయాడు. మీరు లోపలికి రానిచ్చినవాళ్లు చేసిన నష్టానికి మీరే బాధ్యులని ఒప్పందంలో సాధారణంగా ఉంటుంది. గెస్ట్ ఇచ్చిన డిపాజిట్ ఆ సీలింగ్‌కి ఏ మూలకీ రాదు. ఓనర్లు వద్దనడానికి అసలు కారణం ఇది.

అసోసియేషన్ సంగతి. మీరు సంతకం చేయకపోయినా ఓనర్ ఆ నియమాలకు కట్టుబడి ఉంటారు. "భవన నియమాలు పాటించాలి" అన్న వాక్యం మీ ఒప్పందంలో వెతకండి. ఉంటే జరిమానా ముందు ఓనర్‌కి, ఆయన నుంచి మీకు వస్తుంది. నేనూ అసోసియేషన్ పని చూశాను. మాకు భయం సూట్‌కేసుల చప్పుడు కాదు. గేటు కోడ్ ప్రతి వారం కొత్తవాళ్ల ఫోన్‌లోకి వెళ్లడం, రాత్రి మంటలు లేస్తే మెట్లు ఎటున్నాయో తెలియని మనుషులు లోపల ఉండడం.

బాటసారి:
కానీ ఎవరికీ తెలియకుండా చేస్తే?

రెండో అంతస్తు:
ఫొటోలు పెడతారుగా అండీ. మా పై ఫ్లాట్ బాల్కనీని మేం ప్రకటనలోనే గుర్తుపట్టాం.

వెన్నెల:
సరే, నేను లేనప్పుడు ఇవ్వను. కానీ నేను ఇంట్లోనే ఉండి ఒక్క గది ఇస్తే?

పాత కాగితాలు:
అక్కడ నాకూ ఖాయంగా తెలియదు. ఇల్లు మీ నివాసంగానే ఉంటుంది కాబట్టి కొంత బలం ఉంది, కానీ "డబ్బుకు ఎవరినీ ఉంచుకోరాదు" అని విడిగా ఉంటే ఆ బలం పోతుంది. అడిగేటట్టయితే ఓనర్ ఒక్కరి అనుమతి చాలదు. ఆయన బీమా కంపెనీకి చెప్పారా, అసోసియేషన్ ఒప్పుకుందా, ఆ రెండూ రాతపూర్వకంగా చూపించమనండి.

బాటసారి:
ఒక్క గదికి ఇంత అవసరమా అనే నా అభిప్రాయం ఇప్పటికీ.

వెన్నెల:
ఒప్పందం ఇప్పుడే తీసి చూశాను. భవన నియమాల వాక్యం చివరి పేజీలో ఉంది. ఓనర్ గారికి రేపు మెయిల్ రాస్తాను.